శుక్రవారం సాయంత్రం నాలుగున్నర

ఊళ్లో స్థలం రిజిస్ట్రేషన్ సోమవారం ఉదయం 11కి. నేను డాలస్ నుంచి శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు బ్యాంకు వైర్‌లో డబ్బు పంపి, "నాన్నా, పంపేశాను" అని మెసేజ్ పెట్టాను. అప్పటికి గుంటూరులో శనివారం తెల్లవారుజాము మూడు.

రాత్రి రసీదు తెరిచి చూస్తే గుండె జారింది. పంపిన తేదీ శుక్రవారమే, దాని కింద వాల్యూ డేట్, అంటే డబ్బు లెక్కలోకి వచ్చే రోజు, మాత్రం సోమవారం. మా బ్యాంకు కటాఫ్ సాయంత్రం నాలుగు. అరగంట దాటినందుకు నా డబ్బు సోమవారం లెక్కలోకి వెళ్లింది. సోమవారం ఇక్కడ ఉదయం తొమ్మిదికి డబ్బు కదిలితే అక్కడ రాత్రి ఏడున్నర, బ్రాంచి మూసేసి ఉంటుంది. అంటే మంగళవారమే.

ఇండియాలో నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచి, ఆర్టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచి రోజంతా, సెలవుల్లోనూ నడుస్తున్నాయి కదా అనుకున్నాను. కానీ బయటి దేశపు డబ్బును రూపాయల్లోకి మార్చాలి, ఎందుకు వచ్చిందో కాగితం చూడాలి. అది చేసే డెస్క్ పనిదినాల్లోనే ఉంటుంది.

సోమవారానికి చేరాలంటే నేను గురువారం పొద్దున్నే పంపాల్సింది. అప్పుడు అక్కడ గురువారం రాత్రి, శుక్రవారం రోజంతా బ్యాంకు చేతిలో ఉండేది.

స్థలం అమ్ముతున్నాయన కాళ్లావేళ్లా పడి నాన్న రిజిస్ట్రేషన్ బుధవారానికి మార్పించారు. మంగళవారం మధ్యాహ్నం డబ్బు పడింది. నాన్న ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.