ఇ, ఆఁ: రెండు చిన్న మాటల కింద దాగినవి

మంగళవారం. రోజంతా ముసురు.

ఈ రోజు బల్ల మీద ఉన్నది తెలుగులోకి తేవాల్సిన ఒక ఫ్రెంచి కథలో పన్నెండు పేజీలు. పెద్ద మాటలకు నిఘంటువు ఉంది, వాటితో బాధ లేదు. పని ఆగేదల్లా రెండు పొట్టి సర్వనామాల దగ్గర. ఒకటి రాతలో వై అనే ఒకే అక్షరం, పలికితే ‘ఇ’. రెండోది ఈ, ఎన్ అనే రెండక్షరాలు, ముక్కుతో పలికితే ‘ఆఁ’. క్రియ తరవాత ‘ఆ’ అనే విభక్తి రావాల్సిన చోట వస్తువునో పనినో చోటునో మొదటిది మోస్తుంది. ‘ద’ అనే విభక్తితో వచ్చేదాన్నీ, లెక్కపెట్టేదాన్నీ రెండోది మోస్తుంది. పాఠ్యపుస్తకం ఇంతవరకే చెబుతుంది.

పొద్దున్న తగిలిన వాక్యం: ‘ఎల్ ఆఁ నా దో ఆ లియోఁ.’ ఇంగ్లీషులోకి తేవడం నిమిషం పని: షి హాజ్ టూ ఇన్ లియోన్. ఆఁ రాలిపోయినా ఇంగ్లీషుకు నష్టం లేదు. టూ అంటే మనుషులైనా కావచ్చు, కుర్చీలైనా కావచ్చు. తెలుగు మాత్రం ఊరుకోదు. పిల్లలైతే ‘ఆమెకు లియోన్‌లో ఇద్దరున్నారు’, ఇళ్లయితే ‘రెండున్నాయి’. అంకె దగ్గరే మనిషా కాదా తేల్చాలి, క్రియ దగ్గర మళ్ళీ తేల్చాలి. ఫ్రెంచిలో స్త్రీలింగం కనిపించింది కదా అని ధైర్యపడడానికీ లేదు. ‘జాఁ నే యూన్’ అని ఒకావిడ అంటే, ఆ ‘యూన్’ కూతురైనా కావచ్చు, కారైనా కావచ్చు. ఫ్రెంచిలో కారు కూడా ఆడదే. తెలుగులో మొదటిది ‘నాకు ఒక్కతే’, రెండోది ‘నా దగ్గర ఒకటుంది’. నాకు, నా దగ్గర అన్న తేడా కూడా అక్కడే పుడుతుంది. వెనక్కి వెళ్ళి వెతికితే ఆ ఇద్దరూ మనవలని రెండు పేజీల ముందు దొరికింది. ఇంగ్లీషు అనువాదం మీంచి తెలుగు చేసేవాళ్ళు తరచూ జారిపడేది ఇక్కడే. వాక్యం నున్నగా ఉంటుంది కాబట్టి వెనక్కి వెళ్ళి చూడాలన్న అనుమానమే రాదు.

మధ్యాహ్నం ఇంకొకటి. ఇంట్లోంచి బయలుదేరుతూ ఒకామె భర్తతో, గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోకు అంటుంది. ఫ్రెంచిలో అది ‘పాఁస్ ఆ ఫెర్మే ల గాజ్’. అతని జవాబు: ‘జీ పాఁస్రే.’ ఇక్కడి ఇ ఒక పనినంతా మింగి కూర్చుంది: గ్యాస్ కట్టెయ్యడం. పాఁసే అంటే ఆలోచించడమే, కానీ దాని తరవాత ‘ఆ’ వచ్చి ఆ పైన ఒక పని వస్తే, ఆ పని చెయ్యడం గుర్తుంచుకోవడం అని అర్థం. ‘దాని గురించి ఆలోచిస్తాను’ అని రాస్తే కథ తలకిందులవుతుంది. మన దగ్గర ఆ మాట ఎవరంటారు? అప్పు అడిగితే తప్పించుకునేవాడు. ఇక్కడ కావలసింది ‘మర్చిపోన్లే’. ఇంగ్లీషులో ఐ విల్ రిమెంబర్. రెండు చోట్లా ఇకి విడిగా మాట లేదు, అర్థం క్రియలోకి దిగిపోయింది. అదే క్రియ ‘ద’తో వస్తే దారి వేరు. ‘కాఁ పాఁస్ తు?’ అంటే నువ్వేమంటావ్ అని, అభిప్రాయం అడగడం. కాబట్టి ముందు చూడాల్సింది సర్వనామాన్ని కాదు, ఆ చోట క్రియ ఏ విభక్తిని అడుగుతోందో. తరవాతే వెనక్కి వెతకాలి. ఈ వరస తప్పితే గంట పోతుంది.

వెతికినా ఏమీ దొరకని సందర్భాలూ ఉంటాయి. సాయంత్రం వచ్చింది అలాంటిదే, ఒక అత్తగారు అల్లుడి గురించి అనే మాట: ‘జె ల్వీ ఆఁ వో.’ మాటకు మాట పెడితే, అతనికి దానిలోంచి కోరుతున్నాను అని ఏదో వస్తుంది. అక్కడి ఆఁకి వెనక ఏ నామవాచకమూ లేదు, క్రియతో అతుక్కుపోయి జాతీయమైంది. అర్థం: అతని మీద మనసులో కోపం పెట్టుకోవడం. ఎందుకన్నది చెప్పాలంటే ఫ్రెంచిలో ఆ తరవాత ‘ద’తో విడిగా చెబుతారు. ఆ కారణాన్ని ఆఁలోనే వెతికి, ‘ఆ విషయంలో అతని మీద కోపం’ అని రాస్తే, అక్కడ లేని విషయం ఒకటి పుట్టుకొస్తుంది. ఆ పేజీలో ఆమెకు కారణం ఇంకా తెలియదు. తెలుగులో ‘వాడి మీద కడుపులో పెట్టుకున్నాను’ అంటే బరువు సరిపోయింది, కానీ మాట్లాడేది అరవై దాటిన టీచరమ్మ, ఆ అల్లుణ్ణి ఎప్పుడూ మన్నించే మాట్లాడుతుంది. ‘అతని మీద నా మనసు విరిగింది’ అని కూడా రాసి చూస్తే మరీ తెగతెంపుల్లా ఉంది. ప్రస్తుతానికి ‘అతని మీద కోపం పోలేదు నాకు’ అని పెన్సిల్‌తో రాసి పెట్టి, పక్కన చిన్న చుక్క పెట్టాను.