మూడులోంచి రెండు పోతే ఒకటి, చిక్కంతా అక్కడే

ఈరోజు చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. బట్టలు మడతపెడుతుంటే అక్క కూతురు నోటుపుస్తకం పట్టుకొచ్చి పక్కన కూలబడింది, ఇక ఆ బట్టలు రాత్రి దాకా అలాగే కుప్పగా ఉండిపోయాయి. తొమ్మిదో తరగతి, రేపు టెస్టు. "పిన్నీ, ఈ చాప్టర్ నాకు వచ్చేసింది, ఊరికే ఒకసారి చూసిపెట్టు చాలు" అంది. వచ్చేసింది అన్నవాళ్ల పుస్తకాలే జాగ్రత్తగా చూడాలని నా నమ్మకం, ఎందుకంటే రానివాళ్లు ఎక్కడ ఆగిపోయారో వాళ్లకే తెలుస్తుంది, వచ్చేసిందనుకున్నవాళ్లకు తెలియదు.

మొదటి లెక్క: హారాన్ని అకరణీయం చేయండి, 1/(√3 − √2). జవాబు √3 + √2 అని రాసింది. కరెక్టే. రెండోది 1/(√6 − √5), జవాబు √6 + √5. అదీ కరెక్టే. మూడోది 1/(√7 − √3), జవాబు √7 + √3.

అక్కడ ఆగాను. మధ్యలో ఒక్క స్టెప్పు కూడా లేదు, మూడింటికీ ప్రశ్న, దాని పక్కనే జవాబు.

"ఎలా చేశావే ఇవి?" అన్నాను.

"ఏముంది పిన్నీ, కింద మైనస్ ఉంటే ప్లస్ చేసి పైకి తెచ్చేయడమే."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు, ఎందుకంటే తప్పు పూర్తిగా దానిది కాదు. రూట్ మూడు మైనస్ రూట్ రెండు అనే లెక్క ఉంది చూశారూ, అది చూడ్డానికి చక్కగా ఉంటుంది, జవాబు కూడా ముచ్చటగా వస్తుంది, అందుకే ఎక్కడ చూసినా మొదటి ఉదాహరణ అదే. కానీ అందులో అసలు జరిగే పని కనబడదు. పైనా కిందా √3 + √2 తో గుణిస్తాం. కింద (√3 − √2)(√3 + √2) వస్తుంది. దాన్ని విప్పితే √3 × √3 అంటే 3, తర్వాత ప్లస్ √6, తర్వాత మైనస్ √6, చివర మైనస్ 2. మధ్యలో రెండు √6 లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేది 3 − 2, అంటే 1. హారంలో 1 ఉంటే ఎవరు రాస్తారు? మాయమైపోతుంది. పిల్లలకేమో ఏదో గుర్తు మారి రూట్లు పైకెక్కినట్టు కనబడుతుంది. √6, √5 తో కూడా అంతే, పక్కపక్క సంఖ్యలు ఏవి తీసుకున్నా అంతే. రెండుసార్లు ఒకటే తమాషా చూసిన పిల్ల మూడోసారి దాన్ని రూలు అనుకోక ఏం చేస్తుంది?

నేను వెంటనే తప్పు అని చెప్పలేదు. "సరే, నీ జవాబు ఎంతుంటుందో అంచనా వేయి" అన్నాను. కాలిక్యులేటర్ తీయబోతే వద్దన్నాను. రూట్ ఏడు ఎంత? 2.6 ని దానితోనే గుణిస్తే 6.76, 2.7 ని గుణిస్తే 7.29, అంటే ఆ రెండింటి మధ్య, 2.65 అనుకుందాం. రూట్ మూడు 1.73. తీసేస్తే 0.92. ఒకటిని 0.92 తో భాగిస్తే ఒకటి కంటే కాస్త ఎక్కువ రావాలి, అంతే. మరి నీ జవాబు? 2.65, 1.73 కలిపితే 4.38.

కాసేపు రెండు అంకెల వంకా చూసింది. "నాలుగు రెట్లు ఎక్కువొచ్చిందేంటి?" అని గొణుక్కుని, ఒక్క క్షణం ఆగి, "ఏడులోంచి మూడు పోతే నాలుగు..." అంది. ఇక నేనేం చెప్పక్కర్లేకపోయింది. తనే (√7 + √3)/4 అని దిద్దుకుంది, 4.38 ని 4 తో భాగించి 1.095 అని పక్కన రాసుకుంది కూడా.

ఈ అంచనా అలవాటు ఎవరూ పట్టించుకోరు కానీ, ఈ చాప్టర్‌లో చేసే తప్పులన్నిటినీ ఇదొక్కటే పట్టిస్తుంది. పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒకచోట √3 − √2 = √1 = 1 అని కూడా రాసి ఉంది, తర్వాత కొట్టేసింది. రూట్ల లోపలి సంఖ్యలను తీసేయడానికి వీల్లేదని వంద సార్లు చెప్పినా ఎక్కదు, 1.73 లోంచి 1.41 తీసేస్తే 0.32 వస్తుంది, ఒకటి కాదు అని చూపిస్తే ఎక్కుతుంది. ఇంకోచోట గుర్తు మార్చకుండా అదే √3 − √2 తో గుణించింది, కింద 5 − 2√6 వచ్చింది. ఇది విలువ పరంగా తప్పు కాదు, పైనా కిందా ఒకదానితోనే గుణించింది కాబట్టి భిన్నం మారలేదు, కాకపోతే రూట్ అక్కడే కూర్చుంది, చేసిన పనంతా దండగ. గుర్తు ఎందుకు మార్చాలో ఆ 2√6 ని చూస్తే తెలుస్తుంది: గుర్తులు ఒకటే అయితే మధ్య పదాలు కూడుకుంటాయి, వేరైతే కొట్టుకుపోతాయి. సంయుగ్మం అని పుస్తకం పెట్టిన పెద్ద పేరు వెనకాల ఉన్నదింతే.

అంతా అయ్యాక అడగాల్సిన ప్రశ్న అడిగింది. "అసలు కింద రూట్ ఉంటే వచ్చే నష్టమేంటి పిన్నీ?"

నిజానికి నష్టమేం లేదు. 1/(√3 − √2) కూడా సరైన సంఖ్యే, పరీక్షలో మార్కు తీస్తే తీస్తారేమో గానీ అది తప్పు జవాబు కాదు. ఇద్దరు వేర్వేరు దారుల్లో చేసిన జవాబులు ఒకటో కాదో పోల్చుకోవడానికి ఒకే రూపంలో ఉంటే సులువు, అది ఒక కారణం. చేత్తో లెక్కలు చేసే రోజుల్లో 0.318 తో భాగించడం కంటే రెండు సంఖ్యలు కూడడం హాయి, అది ఇంకొకటి. ఈ రెండూ చెప్పాను, పెద్దగా ఆనలేదు, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉందిగా అంది. సరే, ఇప్పుడు తియ్యి ఆ కాలిక్యులేటర్ అన్నాను.

రూట్ మూడు 1.7, రూట్ రెండు 1.4 అని మాత్రమే తెలుసు అనుకో. తేడా 0.3, ఒకటిని దాంతో భాగిస్తే 3.33. ఇంకో అంకె తెలిస్తే 1.73, 1.41, తేడా 0.32, భాగిస్తే 3.125. ఇంకొకటి తెలిస్తే 1.732, 1.414, తేడా 0.318, భాగిస్తే 3.1447. ఇప్పుడు అవే అంకెలను కూడి చూడు: 3.1, తర్వాత 3.14, తర్వాత 3.146. అసలు విలువ 3.14626. అంటే మూడు దశాంశాలు తెలిసి భాగించినా 3.1447 దగ్గరే ఉన్నాం, రెండు దశాంశాలే తెలిస్తే భాగించినప్పుడు 3.125 అయ్యేది ఊరికే కూడితే 3.14 అవుతుందనమాట, మూడో అంకె కూడా తెలిసి కూడితే ఇక అసలు విలువ పక్కనే ఉంటాం.

మధ్యలో 3.14 కనబడగానే "పై!" అని అరిచింది. కాదే, పై 3.14159, ఇది 3.14626, ఊరికే దగ్గరగా వచ్చాయంతే, చుట్టరికం ఏం లేదు అన్నాను. కొంచెం నిరాశపడింది, నిజం చెప్పొద్దూ, మొదటిసారి చూసినప్పుడు నేనూ పడ్డాను.

ఇదెందుకిలా అంటే, 1.732 లోంచి 1.414 తీసేసినప్పుడు ముందున్న ఒకటి ఒకటితో పోతుంది. నాలుగు అంకెల నమ్మకమైన సంఖ్యలు రెండు పెట్టుకుని, చేతిలో మూడంకెల సంఖ్య మిగిలింది. పోయింది పెద్ద అంకె, చివర గుండ్రం చేసినప్పుడు వచ్చిన చిన్న పొరపాటు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఆ పొరపాటు ఉన్న చిన్న సంఖ్యతో భాగిస్తే అది ఇంకా పెద్దదవుతుంది. రెండు సంఖ్యలు ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రమాదం. దానిచేత 1/(√101 − 10) చేయించాను. √101 ని 10.05 అనుకుంటే తేడా 0.05, భాగిస్తే 20. కూడితే 20.05. అసలు విలువ 20.0499. రేషనలైజ్ చేయడమంటే ఇక్కడ రూట్‌ను అందంగా పైకి తేవడం కాదు, తీసివేతను కూడికగా మార్చేయడం. ఇంకో తమాషా ఏంటంటే, కావలసింది √101 − 10 అనే తేడానే అయితే పని తిరగబడుతుంది, అప్పుడు రూట్‌ను కిందికి దించి 1/(√101 + 10) అని రాసుకుంటేనే మంచి విలువ వస్తుంది. "అంటే కింద రూట్ ఉండకూడదన్న రూలు..." అంది. రూలు పరీక్ష వరకే అన్నాను. రేపు పేపర్లో మాత్రం కింద రూట్ వదిలేయకే అని వెంటనే చేర్చాను, లేకపోతే అక్క నన్ను బతకనివ్వదు.

అక్కడితో ఆపేస్తే నా పరువు దక్కేది. "ఘనమూలాలైతే?" అంది. నేను ధీమాగా 1/(∛3 − ∛2) రాసి, పైనా కిందా ∛3 + ∛2 తో గుణించేశాను. కింద ∛9 − ∛4 వచ్చింది. మూలాలు పోలేదు సరికదా వేరే మూలాలు వచ్చి కూర్చున్నాయి. గంట సేపు దానికి క్లాసు పీకి, గుర్తు మార్చేస్తే సరిపోతుందన్న అదే భ్రమలో నేనూ పడ్డాను. వర్గమూలాలకు రెండుసార్లు గుణిస్తే రూట్ పోతుంది, ఘనమూలాలకు మూడుసార్లు కావాలి, కాబట్టి a² − b² కాదు, a³ − b³ పట్టుకోవాలి. అందులో a − b పక్కన ఉండేది a² + ab + b². అంటే గుణించాల్సింది ∛9 + ∛6 + ∛4 తో. కింద 3 − 2, మళ్లీ ఆ మాయమయ్యే ఒకటే.

నేను చెప్పకుండానే అంచనా మొదలుపెట్టింది. ∛3 అంటే 1.44, ∛2 అంటే 1.26, తేడా 0.18, ఒకటిని దాంతో భాగిస్తే 5.56. తర్వాత 2.08, 1.82, 1.59 కూడింది, 5.49 వచ్చింది. రెండూ సరిగ్గా కలవలేదు. నేను ఎక్కడో కూడిక తప్పిందేమోనని పెన్ను తీసుకోబోతుంటే, "తప్పు కాదు పిన్నీ, ఆ పైది తీసివేతతో చేసిందిగా, దాన్నే నమ్మకూడదు" అని పుస్తకం మూసేసి వెళ్లిపోయింది.