సూర్యుడి పండగకి చంద్రుడి తిథి

2026 జనవరి 25, ఆదివారం, బెంగళూరు

ఐదుంబావుకి అలారం మోగేసరికి అమ్మ అప్పటికే కూర్చుని గడియారం చూస్తోంది. నిరుటి టెన్షన్ ఆవిడకి ఇంకా పోలేదు.

నిరుడు ఫిబ్రవరి 4న రథసప్తమి. అలవాటుగా నాలుగింటికే లేచి తలస్నానం చేసేసింది. తర్వాత పంచాంగం తెరిచి చూస్తే సప్తమి వచ్చింది 4:37కి. అంటే ఆవిడ స్నానం షష్ఠిలో అయిపోయిందన్నమాట! మళ్ళీ చేసింది. ఈ స్నానానికి అరుణోదయంలో సప్తమి ఉండాలి. అరుణోదయమంటే సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు, అంటే 96 నిమిషాలు. ఇక్కడ ఈ రోజుల్లో సూర్యుడు ఇంచుమించు పావు తక్కువ ఏడింటికి వస్తాడు కాబట్టి లెక్క ఐదు దాటాక పడుతుంది. నిరుడు సప్తమి దానికి అరగంట ముందు మాత్రమే వచ్చింది. ఈసారి ఆ గొడవ లేదు, అర్ధరాత్రి 12:39కే వచ్చేసి రాత్రి 11:10 దాకా ఉంది. పైగా ఆదివారం.

జిల్లేడు ఆకులు నిన్న గాంధీ బజార్‌లో తెచ్చాను. ఇక్కడ ఎక్కద ఎలె అని అడగాలి. తొడిమల దగ్గర కారే పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, అందుకని రాత్రే కడిగి, తొడిమలు తుడిచి పెట్టాను. బాబు తల మీద ఆకు, దాని మీద రేగుపండు పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకోమని చెప్పి నీళ్ళు పోశాను. అమ్మ పక్కనుంచి శ్లోకం చదివింది. చివర్లో "మాకరీ హంతు సప్తమీ" అని వస్తుంది. మాకరీ అంటే సూర్యుడు మకరంలో ఉన్నప్పటి సప్తమి అని చెప్పింది.

వాడు తల తుడుచుకుంటూ అడిగాడు. "అమ్మమ్మా, సంక్రాంతి సూర్యుడిదే కదా, ఏటా 14కో 15కో వస్తుంది. మరి ఇది కూడా సూర్యుడిదే అయితే డేట్ ఎందుకు మారుతుంది? చంద్రుడి తిథి ఎందుకు?"

అమ్మ నా వైపు చూసింది. బాల్కనీలో పరమాన్నం కలుపుతూనే చెప్పాను. పొయ్యి మీంచి దించి కాస్త ఆరాకే బెల్లం వెయ్యాలి, లేకపోతే పాలు విరిగిపోతాయి. ఆ ఆరేలోపు దొరికింది టైమ్.

తిథి చంద్రుడొక్కడిదీ కాదురా అన్నాను. సూర్యుడి నుంచి చంద్రుడు ఎంత దూరం జరిగాడో అదే తిథి. అమావాస్యనాడు ఇద్దరూ ఒకే చోట ఉంటారు. అక్కడి నుంచి చంద్రుడు పన్నెండు డిగ్రీలు ముందుకెళ్తే ఒక తిథి అయినట్టు. ఆరు తిథులు దాటితే 72, అక్కడి నుంచి 84 దాకా సప్తమి. చంద్రుడు ఒక్కోసారి త్వరగా, ఒక్కోసారి మెల్లగా నడుస్తాడు, అందుకే తిథి ఏ గంటకైనా మొదలవుతుంది. అమ్మమ్మకి నిరుడు జరిగింది అదే.

మరి మాఘం? అదీ సూర్యుడిని చూసే. సూర్యుడు మకరంలో ఉండగా వచ్చే అమావాస్య తర్వాత మొదలయ్యేదే మన మాఘం. చంద్రుడి పన్నెండు నెలలు సుమారు 354 రోజులే కాబట్టి పండగ ఏటా పది పన్నెండు రోజులు ముందుకి జరుగుతుంది. 2024లో ఫిబ్రవరి 16, నిరుడు 4, ఈసారి జనవరి 25. ఇలాగే వదిలేస్తే సంక్రాంతి కంటే ముందే వచ్చేస్తుంది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం ఉంది, అది ఆపుతుంది. వచ్చే ఏడు మళ్ళీ ఫిబ్రవరి 13.

"2024లో ఫిబ్రవరి 16 అంటే సూర్యుడు కుంభంలోకి వెళ్ళిపోయాడు కదే, మరి మాకరీ?" అంది అమ్మ. ఆవిడ పట్టుకున్నది సరైన చోటే. ఆ ఏడు అమావాస్య మకరం చివర్లో పడింది. నెల మకరంలోనే మొదలైనా, సప్తమి వచ్చేసరికి సూర్యుడు కుంభంలో అడుగుపెట్టి మూడు రోజులైంది. అన్ని ఏళ్ళూ శ్లోకంలో ఉన్నట్టే కుదరదు. అమ్మ కాసేపు ఆలోచించి, "అయినా అదే చదువుతాం" అంది. నాకూ అదే సరి అనిపించింది.

బెల్లం వేశాను. పాలు విరగలేదు. చిక్కుడుకాయలకి చీపురుపుల్లలు గుచ్చి అమ్మ చేసిన రథం ముందు, చిక్కుడు ఆకుల్లో వడ్డించాం.

సాయంత్రం ఆరుంబావుకి బాబు టెర్రస్ మీదకి లాక్కెళ్ళాడు. సూర్యుడు పడమటి మేడల వెనక్కి దిగుతున్నాడు. ఒక చెయ్యి అటు చాచి, రెండోది చంద్రుడి వైపు ఎత్తాడు. చంద్రుడు దాదాపు నడినెత్తిన, సగానికి కాస్త తక్కువగా ఉన్నాడు. రెండు చేతుల మధ్యా కోణం లంబకోణానికి కొంచెం లోపే.

"84 ఇంకా కాలేదమ్మా, సప్తమే" అని, చేతులు దించకుండానే అమ్మమ్మని పైకి రమ్మని కేకేశాడు.