వార్షికోత్సవ సభలో ముందు ఎవరికి నమస్కారం? నా అనుభవం

మా బడి వార్షికోత్సవంలో విద్యార్థుల తరఫున మాట్లాడే అవకాశం ఈసారి తొమ్మిదో తరగతి అమ్మాయికి వచ్చింది. ప్రసంగం తనే రాసుకుంది. ఇలాంటివి ఎప్పుడూ తెలుగు మాస్టారే చూసిపెడతారు. ఆయన సెలవులో ఉండటంతో లెక్కలు చెప్పే నా దగ్గరికి కాగితం వచ్చింది. లోపలి విషయం బాగానే ఉంది, దాంట్లో నేను పెద్దగా చెయ్యి పెట్టలేదు. సమయమంతా పట్టింది మొదట్లో పెద్దలకు నమస్కారం చెప్పే ఆ రెండు మూడు వాక్యాలకే.

ఆ అమ్మాయి రాసుకున్నది ఇది: "గౌరవనీయమైన ముఖ్య అతిథి గారూ, మా ప్రధానోపాధ్యాయురాలికి, గౌరవనీయమైన ఉపాధ్యాయులు, గౌరవనీయమైన తల్లిదండ్రులు మరియు ప్రియమైన మిత్రులారా, అందరికీ శుభోదయం."

మనసులో చదువుకుంటే పర్వాలేదనిపిస్తుంది. పైకి చదవమంటే ప్రతిసారీ ఉపాధ్యాయుల దగ్గరే తడబడింది. "భయంగా ఉందా?" అని అడిగాను. "లేదు టీచర్, అక్కడ ఎలా పలకాలో తెలియడం లేదు" అంది. తప్పు తనది కాదు, వాక్యానిది. అతిథిని "గారూ" అని పిలిచింది, ప్రధానోపాధ్యాయురాలికి "కి" పెట్టింది, ఉపాధ్యాయుల దగ్గరికొచ్చేసరికి ఏదీ లేదు. ఇక గొంతు ఎక్కడ లేపాలో, ఎక్కడ దించాలో ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

దీనికి రెండు దారులున్నాయి. అందరినీ పిలవడం ఒకటి: అతిథి గారూ, ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా అని. అందరికీ "కి", "కు" పెట్టి చివర ఒక్కసారి "నమస్కారాలు" అనడం రెండోది. ఏదో ఒకటే పట్టుకుని చివరిదాకా పోవాలి. ముఖ్య అతిథి మైకు ముందుకొచ్చి "తల్లిదండ్రులారా" అంటే నిండుగా ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్ల "ఉపాధ్యాయులారా" అంటే పెద్దలకు ఏదో ఆదేశం ఇస్తున్నట్టు ఉంటుంది. పిల్లల నోట రెండో పద్ధతే బాగుంటుందని నా అభిప్రాయం. అందుకే అన్నిటికీ "కి", "కు" పెట్టించాను.

తర్వాత విశేషణాలు. మనుషులకు "గౌరవనీయులైన" అనాలి. "గౌరవనీయమైన" అంటే వస్తువు గురించో పదవి గురించో చెప్పినట్టు అవుతుంది. సరిచేశాక కూడా మూడుసార్లు అదే మాట వస్తుంటే దేనికీ విలువ లేకుండా పోయింది. అతిథికి ఒక్కరికే ఉంచాం. గురువులకు "మాకు చదువు చెబుతున్న", తల్లిదండ్రులకు "మా కోసం వచ్చిన" చాలు. "మరియు" తీసేశాం. సభ సాయంత్రం కాబట్టి "శుభోదయం" కూడా పోయింది.

అసలు చిక్కు వరుస దగ్గర వచ్చింది. ఆహ్వాన పత్రికలో సభాధ్యక్షత మా హెడ్ మేడమ్‌ది, ముఖ్య అతిథి మండల విద్యాశాఖాధికారి, గౌరవ అతిథి మా బడిలోనే చదివిన ఒక డాక్టరు గారు. మన సభల సంప్రదాయం ప్రకారం ముందు అధ్యక్షులకు చెప్పి, ఆ తర్వాత అతిథులకు చెబుతారు. ఆ మాటే వెళ్లి అడిగాను. "ఇంటికొచ్చినవాళ్లను వదిలేసి ముందు నాకెందుకమ్మా? అతిథులిద్దరి తర్వాతే నా పేరు పెట్టించు" అన్నారు మేడమ్. నాకూ అది సబబుగానే తోచింది. అధ్యక్షత వహించేది బయటి పెద్దమనిషి అయితే ఆయన్ను వెనక్కి నెట్టకూడదు. బడి పెద్దే అధ్యక్షులైతే మాత్రం ఆమె ఆతిథ్యమిచ్చే మనిషి కూడా, కాబట్టి అతిథికి ముందు చోటివ్వడం అందంగానే ఉంటుంది. అతిథుల్లో ఎవరు ముందన్నది మేం కొత్తగా తేల్చలేదు, పత్రికలో అచ్చయిన వరుసే తీసుకున్నాం. ఆ వరుస తప్పితే ఎవరు గమనించినా గమనించకపోయినా, ఆ పేరున్న మనిషి గమనిస్తారు.

పేర్ల దగ్గర ఇంకో జాగ్రత్త. అధికారి పేరు మాకు ఇంగ్లిషు అక్షరాల్లో వచ్చింది. అలా రాసినప్పుడు ఇంటిపేరులో ఉన్నది "ద"నో "డ"నో, "త"నో "ట"నో తెలియదు. వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి పలికించుకుని తెలుగులో రాసుకున్నాం. డాక్టరు గారికి "శ్రీ" తీసేసి "డాక్టర్" ఉంచాం, రెండూ అక్కర్లేదు.

చివరికి తేలింది ఇది:

"ఈ సభకు ముఖ్య అతిథిగా విచ్చేసిన గౌరవనీయులైన మండల విద్యాశాఖాధికారి శ్రీ ఫలానా గారికి,
గౌరవ అతిథి, మా పాఠశాల పూర్వ విద్యార్థి డాక్టర్ ఫలానా గారికి,
సభాధ్యక్షురాలు, మా ప్రధానోపాధ్యాయురాలు శ్రీమతి ఫలానా గారికి,
వేదికపై ఉన్న ఇతర పెద్దలకు,
మాకు చదువు చెబుతున్న గురువులందరికీ,
మా కోసం వచ్చిన తల్లిదండ్రులకు నా నమస్కారాలు.
తోటి విద్యార్థులకు శుభాకాంక్షలు."

తాపీగా చదివినా అరనిమిషంలో అయిపోతుంది. కాగితం మీద ఇలాగే ఒక్కొక్కరికి ఒక్కో వరుస, పెద్ద అక్షరాలతో రాయించాను. వరుస చివర ఆగి, ఆ మనిషి వైపు చూసి, కింది వరుసకు రావాలి. మైకు చేత్తో పట్టుకుంటే నమస్కారం పెట్టడం కుదరదు కాబట్టి స్టాండుకే ఉంచమన్నాను. ప్రతి పేరుకూ చేతులు జోడించడం మొదలుపెడితే చూసేవాళ్లకు కంగారుగా ఉంటుంది. "నమస్కారాలు" అన్నప్పుడు ఒక్కసారి చాలు.

ఆ రోజు మాకు టెన్షన్ పెట్టింది ముఖ్య అతిథి కుర్చీ. సభ మొదలైనా ఆయన రాలేదు. ఖాళీ కుర్చీని చూస్తూ "విచ్చేసిన" అనలేం కదా. "పై వరుస మడిచెయ్యమ్మా, డాక్టరు గారితో మొదలుపెట్టు" అన్నాను. అలాగే మొదలుపెట్టింది. పత్రికలో పేరు లేని తల్లిదండ్రుల సంఘం పెద్ద ఒకాయన అప్పటికే వేదిక మీద కూర్చుని ఉన్నారు. "ఇతర పెద్దలకు" అన్న వరుస ముందే ఉంది కాబట్టి ఆయనకూ నమస్కారం అందింది. ఆయన పేరు కోసం ఎవరూ వెతుక్కోలేదు.

ప్రసంగం సగంలో అధికారి వచ్చారు. ఆయన కూర్చునేదాకా అమ్మాయి ఆగింది. మడిచిన వరుస తెరిచి చదివి, "మీకు మా అందరి తరఫున స్వాగతం, నమస్కారాలు" అని కలిపి, ఆపిన చోటి నుంచి కొనసాగించింది. మళ్లీ మొదటి నుంచి అందరి పేర్లూ చదవలేదు. అది నేను చెప్పింది కాదు, తనకే తోచింది.

సెలవు నుంచి వచ్చిన తెలుగు మాస్టారు కాగితం చూసి, "అన్నీ బాగున్నాయి గానీ టీచర్ గారూ, అధ్యక్షులు ముందుండాల్సింది" అన్నారు. మేడమ్ అన్న మాట చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. వచ్చే ఏడు అధ్యక్షత బడి కమిటీ చైర్మన్ గారిది అంటున్నారు. అప్పుడైతే ఆ వరుస పైకి వెళ్తుందని ఇద్దరం ఒప్పుకున్నాం.