ఆ లేత గులాబీ రంగుని నమ్మాను

నాకు పద్నాలుగో ఏట నుంచి టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవ్వని రకం. ఇప్పుడు ముప్ఫై ఒకటి. ఇన్నేళ్ళలో ఇన్సులిన్ సూది మానడమంటే ఏమిటో నాకు తెలియదు, రెండేళ్ళ క్రితం సంక్రాంతికి తప్ప. అప్పుడు కూడా నా అంతట నేను మానలేదు, మాన్పించారు. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

సామర్లకోట దగ్గర మా అత్తగారి ఊరు. భోగి సాయంత్రం నుంచి వాంతులు మొదలయ్యాయి. ఏం తిన్నా నిలవడం లేదు. రాత్రి పడుకునే ముందు వేసుకునే, రోజంతా నెమ్మదిగా పనిచేసే గ్లార్జిన్ ఇన్సులిన్ 16 యూనిట్లు వేసుకుందామని పెన్ను చేతిలోకి తీసుకుంటే మా అత్తయ్య పెన్ను పట్టుకుని ఆపేసింది. "సాయంత్రం నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా నిలవలేదు కదమ్మా, ఇప్పుడు సూది వేసుకుంటే పడిపోవూ?" అంది. ప్రేమతోనే అంది. నాకూ నీరసంగా ఉంది, వాదించే ఓపిక లేక పెన్ను పక్కన పెట్టేశాను. మర్నాడు మధ్యాహ్నం ఊళ్ళో ఉండే ఆర్ఎంపీ డాక్టరుగారు వచ్చి, గ్యాస్ పట్టేసిందని చెప్పి, గ్లూకోజ్ బాటిల్ పెట్టి, "తిండి లేనప్పుడు ఇన్సులిన్ అక్కర్లేదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట నన్ను ఐసీయూకి తీసుకెళ్ళింది.

తినకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ లేకపోతే ఆ చక్కెర కణాల్లోకి వెళ్ళదు, ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది. కొవ్వు కరిగితే పుట్టే ఆమ్లాలే కీటోన్లు. జ్వరం, వాంతులు ఉన్నప్పుడు ఇన్సులిన్ అవసరం తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. రాత్రి సూదిని ఎప్పుడూ మానకూడదని నాకు పద్నాలుగేళ్ళప్పుడే చెప్పారు. తెలిసీ ఊరుకున్నాను.

సంక్రాంతి సాయంత్రం షుగర్ 286 వచ్చింది. 250 దాటితే, లేదా వాంతులు అవుతుంటే షుగర్ ఎంతున్నా, కీటోన్లు చూసుకోవాలని గుర్తొచ్చి, బ్యాగులో ఉన్న యూరిన్ స్ట్రిప్పుల డబ్బా తీశాను. స్ట్రిప్పు ముంచి, బాత్రూమ్‌లో ఉన్న పసుపు బల్బు కింద పట్టుకుని చూశాను. బిస్కెట్ రంగు గడి కొంచెం లేత గులాబీకి తిరిగింది. డబ్బా మీది పట్టీలో "జాడ మాత్రం" అన్న గడికి సరిపోయింది. హమ్మయ్య అనుకుని, వచ్చి పడుకున్నాను. ఆ రాత్రి కూడా సూది వేసుకోలేదు.

ఒంటిగంటన్నరకి మా ఆయన నన్ను లేపారు. నేను నిద్రలో పరుగెత్తినట్టు ఊపిరి తీస్తున్నానట. లోతుగా, ఆగకుండా. గదంతా గోళ్ళ రంగు తుడిచే మందు వాసన వస్తోందన్నారు. నాకు కడుపులో మెలిపెడుతున్న నొప్పి, నాలుక అట్టలా ఎండిపోయింది. లేచి నిలబడదామంటే కాళ్ళు నిలవలేదు. షుగర్ 412. కారులో కాకినాడ దాకా ఎలా వెళ్ళామో నాకు గుర్తులేదు, అద్దానికి తల ఆనించి అన్నవరం సత్యదేవుణ్ణి తలుచుకోవడం ఒక్కటే గుర్తుంది.

క్యాజువాల్టీలో నైట్ డ్యూటీ సిస్టరు వేలికి గుచ్చి రక్తంలో కీటోన్ చూసింది. 5.8. మూడు దాటితే ప్రమాదం అని నాకు తెలుసు. ఆ తర్వాత సెలైన్లు, ఇన్సులిన్ డ్రిప్, పొటాషియం, రెండు రోజుల ఐసీయూ. అదంతా ఎలాగో గడిచింది. ఆ సిస్టరు మాత్రం నాకు దేవుడితో సమానం. మూడో రోజు తీరిగ్గా నా స్ట్రిప్పుల డబ్బా అడిగి తీసుకుని, మూత తిప్పి చూసి, "ఎప్పుడు తెరిచారు?" అంది. ఏడాది పైనే అయిందన్నాను. తెరిచాక ఆరు నెలలకు మించి వాడకూడదట. ఇంట్లో అయితే బాత్రూమ్ అలమరలో పెట్టేదాన్ని, తేమకి మందు చచ్చిపోయింది. చచ్చిన స్ట్రిప్పు, ఉన్న కీటోన్‌ని తక్కువ చేసి చూపిస్తుంది.

డబ్బా బాగున్నా ఇంకో ఇబ్బంది ఉందని డాక్టరుగారు చెప్పారు. మూత్రం స్ట్రిప్పు చూపేది ఎసిటోఎసిటేట్ అనే ఒక రకాన్నే. ముదురుతున్న దశలో ఎక్కువగా తయారయ్యేది బీటా హైడ్రాక్సీ బ్యూటిరేట్, అది ఆ స్ట్రిప్పుకి కనిపించదు. పైగా మూత్రం అంటే గడిచిన కొన్ని గంటల లెక్క, ఈ క్షణానిది కాదు. అందుకే రక్తంలో చూసే మీటరు కొనుక్కున్నాను. స్ట్రిప్పు ధర షుగర్ స్ట్రిప్పు కంటే చాలా ఎక్కువ, ఎప్పుడుపడితే అప్పుడు వాడను. కానీ ఒక్కో స్ట్రిప్పూ విడిగా రేకులో ఉంటుంది కాబట్టి తేమ భయం లేదు.

పోయిన వానాకాలం జ్వరం వచ్చినప్పుడు అది పనికొచ్చింది. సాయంత్రం ఆరింటికి షుగర్ 268, కీటోన్ 1.7. 0.6 లోపు ఉంటే మామూలు. 0.6 నుంచి 1.5 దాకా రెండు గంటలాగి మళ్ళీ చూడాలి. 1.5 దాటితే డాక్టరుకి ఫోన్ చేయాలి. నేను రోజుకి వేసుకునేది మొత్తం 40 యూనిట్లు, కాబట్టి అందులో పదో వంతు, 4 యూనిట్లు త్వరగా పనిచేసే ఇన్సులిన్ అదనంగా వేసుకోమని మా డాక్టరుగారు ముందే కాగితం మీద రాసిచ్చారు. అది నా లెక్క. మీది మీ డాక్టరే రాయాలి. వేసుకుని, గంట గంటకీ పెద్ద గ్లాసు నీళ్ళు తాగాను. ఎనిమిదింటికి షుగర్ 231, కీటోన్ 1.2. పదింటికి షుగర్ 164, కీటోన్ 0.8. షుగర్ దిగుతోంది కదా అని రాత్రి గ్లార్జిన్ ఆపలేదు. కీటోన్ ఇంకా ఉందంటే ఒంటికి ఇన్సులిన్ కావాలని అర్థం, అందుకే షుగర్ పడిపోకుండా పల్చటి గంజి తాగి వేసుకున్నాను. ఆ రాత్రి ఒక్క వాంతి అయి నీళ్ళు నిలవకపోయినా, అంకె ఎంతున్నా చూడకుండా ఆసుపత్రికి వెళ్ళిపోదామని మా ఆయన కారు తాళాలు దిండు కిందే పెట్టుకున్నారు.

పొద్దున్నే ఊరికే చూద్దామని మూత్రంలో కొత్త స్ట్రిప్పు ముంచాను. డబ్బా మీద రాసినట్టు సరిగ్గా 15 సెకన్లకు, కిటికీ వెలుతుర్లో చూస్తే వంకాయ రంగు! గుండె ఆగినంత పనైంది. వణుకుతూ వేలికి గుచ్చుకుంటే రక్తంలో 0.3. డాక్టరుగారికి ఫోన్ చేశాను. "తగ్గేటప్పుడు రక్తంలో ఉన్నది మారి మూత్రంలోకి వస్తుందమ్మా, రంగు కొన్ని గంటలు అలాగే ఉంటుంది. రక్తం అంకెనే నమ్ము" అన్నారు.

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో మా అత్తయ్య గంజి గ్లాసుతో నిలబడి ఉంది. "సూది వేసుకున్నావా?" అని అడిగింది.