404తో మొదలైన మీటింగ్

మొన్న పేమెంట్స్ టీమ్‌లో ఒకాయనతో కలిసి కోడ్ చూద్దామని నాలుగింటికి మీటింగ్ పెట్టాను. నేను విజయనగరంలో ఇంటి నుంచే పని. ఇన్వైట్‌లో రెండు లింకులు అంటించి ఊరుకున్నాను.

ఆయన మొదటిది నొక్కితే 404. "పేజీ లేదంటోందండీ" అన్నారు. నాకేమో చక్కగా తెరుచుకుంటోంది! మా రిపో ప్రైవేటు. అనుమతి లేనివాళ్లకి గిట్‌హబ్ అసలు పేజీయే లేదన్నట్టు చూపిస్తుంది. అనుమతి తెచ్చేసరికి అరగంటలో ఇరవై నిమిషాలు పోయాయి. రెండోది తెరిస్తే, నేను చెప్పిన 212వ లైన్లో రీట్రై లూప్‌ బదులు ఏదో కామెంటు. నేనిచ్చింది `main` బ్రాంచి లింకు మరి. పొద్దున్నే ఎవరో పైన కోడ్ కలిపారు, లైన్లన్నీ కిందికి జరిగాయి.

ఈసారి మీటింగ్‌కి లింకు ఇచ్చేముందు గిట్‌హబ్‌లో ఫైలు తెరిచి `y` కీ నొక్కాను. అడ్రసులో `main` పోయి కమిట్ నంబరు వచ్చింది. ఇక ఎవరేం కలిపినా ఆ లింకులో లైను కదలదు. పక్కన ఒక్క ప్రశ్న రాశాను: "ఒకే ఆర్డరుకి డబ్బు రెండుసార్లు ఎందుకు కట్ అవుతోంది?" లింకులు తెరుచుకుంటున్నాయో లేదో ముందురోజే అడిగాను.

ఇవాళ పావుగంటలో ఆయనే పట్టేశారు. ఇది అదే చెల్లింపని సర్వర్‌కి చెప్పే ఐడెంపొటెన్సీ కీని, రీట్రై చేసిన ప్రతిసారీ మా కోడ్ మార్చి కొత్తది పంపుతోందట. వాళ్ల సర్వర్‌కి అది కొత్త చెల్లింపే కదా!