ఫిషింగ్ ప్లేబుక్‌లో మనిషి ఎక్కడ ఆగి చూడాలి? నా అనుభవం

"ఈ మెయిల్ అనుమానంగా ఉంది, చూడండి" అంటూ ఉద్యోగులు పంపే రిపోర్టులే మా సెక్యూరిటీ టీమ్‌కి రోజూ ఎక్కువగా వచ్చే పని. హెడర్లు తీయాలి, లింకులు పరిశీలించాలి, అదే మెయిల్ ఇంకెవరికి వచ్చిందో వెతకాలి, దొరికిన చోటల్లా తీసేయాలి. ఒక్కోదానికి ఇరవై నిమిషాల పైనే పట్టేది. దీన్ని ఆటోమేట్ చేసే ప్లేబుక్, అంటే ఈ పనుల్ని వరుసగా తానే చేసే ప్రోగ్రామ్, రాసే పని నాకు అప్పగించారు. మూడు వారాల్లో రాశాను. నాలుగో వారంలో నేనే దాన్ని ఆపేశాను.

ఆ రోజు రిపోర్టయిన మెయిల్‌లో అందరూ వాడే ఒక ఫైల్ షేరింగ్ సర్వీస్ లింకు ఉంది. మేం వాడే ముప్పు సమాచార ఫీడ్ ఆ లింకు చెడ్డదని చెప్పింది. నా ప్లేబుక్ లింకులోంచి డొమైన్‌ను తీసి, కంపెనీ వెబ్ ట్రాఫిక్ వెళ్లే ప్రాక్సీ బ్లాక్ లిస్టులో పెట్టేసింది. కాసేపటికి కంపెనీ మొత్తంలో ఆ సర్వీస్‌లో ఉన్న ఫైలు ఒక్కటీ తెరుచుకోలేదు. బ్లాక్ చేసింది మనిషి కాకపోవడంతో కారణం ఎవరికీ తట్టలేదు, వెతకడానికే గంట పోయింది.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఏమిటంటే, ఫీడ్ చెప్పింది నిజమే. ఆ లింకు చెడ్డదే. మెయిల్ ఎంత ప్రమాదకరమో ఫీడ్ ఇచ్చే స్కోరు చెబుతుంది. నేను తీసుకునే చర్య వల్ల ఎవరి పని ఆగుతుందో అది చెప్పదు. నేనేమో స్కోరు తొంభై దాటితే ఆటోమేటిక్, లేకపోతే మనిషి అని గీత గీశాను. గీత గీయాల్సిన చోటు అది కాదు.

మళ్లీ మొదలుపెట్టి, ప్లేబుక్ చేసే ప్రతి చర్య పక్కన రెండు ప్రశ్నలు రాసుకున్నాను. దీన్ని వెనక్కి తీసుకోవచ్చా? తప్పయితే ఎంతమందికి తగులుతుంది?

ఆధారాలు సేకరించడం వల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నాను. అందులోనూ ఒక మెలిక ఉంది. జనం రిపోర్ట్ చేసే మెయిళ్లలో నిజమైన పాస్‌వర్డ్ రీసెట్ లింకులు, అప్రూవల్ లింకులు కూడా ఉంటాయి. లింకుల్ని విడిగా తెరిచి పరీక్షించే శాండ్‌బాక్స్ వాటిని తెరిస్తే ఒక్కసారే పనిచేసే లింకు ఖర్చయిపోవచ్చు, ఎవరి తరఫునో అప్రూవల్ కూడా పడిపోవచ్చు. బహిరంగ స్కానింగ్ సైటుకు పంపితే ఆ లింకు ఇతరుల కంట పడవచ్చు. అందుకే వ్యక్తిగత టోకెన్‌లా కనిపించే పొడవాటి భాగం ఉన్న లింకును ప్లేబుక్ తనంతట తాను తెరవదు. డొమైన్ వివరాలు మాత్రం చూసి, మిగతాది అనలిస్టుకు వదిలేస్తుంది.

మెయిల్‌ను క్వారంటైన్‌లో పెట్టడం వెనక్కి తీసుకోగల పని, కాబట్టి ఆటోమేటిక్‌గానే ఉంచాను. కానీ వెతుకులాటలో ఇరవై ఐదు మెయిల్‌బాక్సుల కంటే ఎక్కువ తేలితే ప్లేబుక్ ఆగి అడుగుతుంది. మెసేజ్ ఐడీతో వెతికితే లాభం లేదు, దాడి చేసేవాళ్లు విడివిడిగా పంపితే ఒక్కోదానికి ఒక్కో ఐడీ ఉంటుంది. అందుకని పంపినవారి అడ్రస్, లింకు, గత 48 గంటలు కలిపి వెతుకుతాం. అంకె పెద్దగా వచ్చిందంటే దాడి పెద్దదైనా అయి ఉండాలి, మా వెతుకులాట షరతు వదులుగానైనా ఉండాలి. రెండింటిలో ఏదో మనిషే తేల్చాలి.

బ్లాకింగ్‌లో పూర్తి లింకును ఆపడం ఆటోమేటిక్. డొమైన్ మొత్తాన్ని ఆపాలంటే అది కొత్తగా నమోదైనదై ఉండాలి, గత ముప్పై రోజుల్లో ఈ మెయిల్ అందనివాళ్లెవరూ దాన్ని తెరిచి ఉండకూడదు. లేదంటే మనిషి చూడాల్సిందే.

ఇంత చేశాక కూడా మొదటి వారం లాగులు చూస్తే మనసు కుంగింది. అనలిస్టులు కొన్ని సెకన్లలోనే 'అప్రూవ్' నొక్కేస్తున్నారు. షిఫ్టులో ఉన్న అమ్మాయిని అడిగితే, "వచ్చేవన్నీ అప్రూవ్ చేయాల్సినవే కదా సర్, ఇంకేం చూడాలి?" అంది. ఆమె తప్పేమీ లేదు. నేను పెట్టిన ప్రశ్నే అలాంటిది. స్క్రీన్ మార్చాను. ఏ చర్య, ఎవరి మీద, వెనక్కి తీసుకోవడం ఎలా, ఈ అనుమానానికి వ్యతిరేకంగా ఉన్న ఆధారం ఏమిటి, ఈ నాలుగూ కనబడతాయి. ఉద్యోగి అకౌంట్‌ను ఆపాలా అన్న ప్రశ్నకైతే 'అప్రూవ్' బటన్ తీసేసి "అకౌంట్ ఆపు", "ఆపకుండా గమనించు" అని రెండు పెట్టాను. ఏది నొక్కినా ఒక వాక్యంలో కారణం రాయాలి. పదిహేను నిమిషాల్లో జవాబు రాకపోతే ఆన్‌కాల్‌లో ఉన్న రెండో వ్యక్తికి ఫోన్ వెళ్తుంది. సమయం దాటిందని దానంతటదే ఒప్పుకోవడం మాత్రం ఎక్కడా పెట్టలేదు.

తర్వాత కొన్నాళ్లకు అసలు పరీక్ష వచ్చింది. మాకు సరుకు సరఫరా చేసే ఒక సంస్థ ఉద్యోగి మెయిల్‌బాక్స్ దాడి చేసినవాళ్ల చేతిలో పడింది. పాత సంభాషణకే జవాబుగా మాకు మెయిల్ వచ్చింది. పంపిన డొమైన్ అసలైనదో కాదో చూసే మూడు పరీక్షల ఫలితం హెడర్‌లో ఇలా ఉంది:

```
Authentication-Results: spf=pass; dkim=pass; dmarc=pass
```

నిజమైన మెయిల్‌బాక్స్ నుంచే వచ్చింది కాబట్టి అన్నీ పాసే. అయితే లింకు చివరికి తీసుకెళ్లే లాగిన్ పేజీ మూడు రోజుల క్రితం నమోదైన డొమైన్‌లో ఉంది. ఒకరు రిపోర్ట్ చేశారు, వెతికితే ఆరు మెయిల్‌బాక్సుల్లో దొరికింది, ఆరింటినీ ప్లేబుక్ క్వారంటైన్‌కు పంపింది. ప్రాక్సీ లాగులో ఇద్దరు ఆ పేజీ తెరిచినట్టు ఉంది. అందులో ఒకరి అకౌంట్‌లోకి నాలుగు నిమిషాల తర్వాత, ఎప్పుడూ చూడని ఐపీ నుంచి విజయవంతంగా లాగిన్ జరిగింది.

ప్లేబుక్ వెంటనే ఆ అకౌంట్ సెషన్లను రద్దు చేసింది. ఇది ఆటోమేటిక్‌గా ఉండాలని నేను పట్టుబట్టాను. ఇలాంటి నకిలీ పేజీలు మధ్యలో కూర్చుని పాస్‌వర్డ్‌తో పాటు, లాగిన్ అయి ఉన్నామని చూపే సెషన్ కుకీని కూడా పట్టేస్తాయి, కాబట్టి పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన దొంగ బయటికి పోడు. పొరపాటున రద్దు చేసినా అసలు మనిషి మళ్లీ లాగిన్ అయితే చాలు. ముందే జారీ అయిన యాక్సెస్ టోకెన్ గంట దాకా పనిచేసే అవకాశం ఉంది, అందుకే అకౌంట్ పూర్తిగా ఆపాలా అన్న ప్రశ్న వెంటనే మనిషి ముందుకు వెళ్లింది.

అనలిస్ట్ ఆ అకౌంట్ ఉన్న మా ఉద్యోగికి ఫోన్ చేసింది. మెయిల్ పెట్టలేదు, ఎందుకంటే ఆ మెయిల్‌బాక్స్‌ను ఇంకెవరో చదువుతూ ఉండొచ్చు. పాస్‌వర్డ్ కొట్టానని ఆయన ఒప్పుకున్నాక అకౌంట్ ఆపింది. ఆయన మెయిల్‌బాక్స్‌లో, "పేమెంట్" అన్న మాట ఉన్న మెయిళ్లను `RSS Feeds` ఫోల్డర్‌లోకి తోసే రూల్ ఒకటి దొరికింది. ఎవరూ తెరిచి చూడని ఫోల్డర్ అని దాడి చేసినవాళ్లు దాన్ని ఎంచుకున్నారు. తీసేసే ముందు ఆ రూల్‌ను ఆధారంగా భద్రపరిచింది.

రెండో ప్రశ్న, సరఫరాదారు డొమైన్‌ను బ్లాక్ చేయాలా అన్నది. పాత ప్లేబుక్ అయితే చేసేసేదే. అనలిస్ట్ మాత్రం, ఆర్డర్లు నడుస్తున్నాయని కారణం రాసి, వాళ్ల మెయిళ్లు పరిశీలన తర్వాతే లోపలికి వచ్చేలా పెట్టింది. మా రికార్డుల్లో ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి వాళ్లకు విషయం చెప్పింది.

పేజీ తెరిచిన రెండో వ్యక్తి ఏమీ కొట్టలేదన్నారు, అనుమానపు లాగిన్ కూడా కనిపించలేదు. అప్పుడు ప్లేబుక్ రిపోర్టులో ఒక వాక్యం మార్చాను. మిగతా నలుగురి విషయంలో "ఎవరూ క్లిక్ చేయలేదు" అని వస్తోంది. సొంత ఫోన్‌లో తెరిస్తే మా ప్రాక్సీకి ఏమీ తెలియదు. ఇప్పుడు "మా లాగుల్లో క్లిక్ కనిపించలేదు" అని వస్తుంది, ఆ కింద నలుగురి పేర్లూ ఉంటాయి, ఫోన్ చేసి అడగడానికి.